పక్క సీటు బ్రేకు

నైట్ డ్యూటీ దిగిన నర్సు ఇంటికి పోకుండా నేరుగా కార్ల షోరూమ్‌కి రావడం మంచి పని కాదని ఎవరైనా చెప్తారు. మరి ఎప్పుడు రావాలో మాత్రం ఎవరూ చెప్పరు. డ్యూటీకి ముందు వంట. డ్యూటీ దిగగానే పాపని బడికి దింపడం. ఆ తర్వాత గిన్నెలు, బట్టలు, మధ్యలో దొరికితే కాస్త కునుకు, మళ్లీ డ్యూటీ. ఇవాళ పాపకి బడి సెలవు, మొగుడికి ఆఫీసు సెలవు, కాబట్టి ఆవిడకి తీరిక దొరికిందన్నమాట. ఆ తీరికలో కారు కొనుక్కోవాలి. రాత్రంతా నిలబడిన కాళ్లు అప్పటికే పీకుతున్నాయి.

షోరూమ్ తలుపు తెరిచేదాకా మెట్ల మీద కూర్చుని, గోడకి తల ఆనించి, నర్సు కేటలాగు మళ్లీ చదివింది. అప్పటికి ఎన్నోసారో. ఒకే కారు, మూడు రకాలు. బేస్ మోడల్‌లో ఎయిర్‌బ్యాగులూ, జారకుండా పట్టే బ్రేకులూ, వెనక్కి తీసేటప్పుడు కుయ్‌మనే సెన్సర్లూ ఉన్నాయి. మధ్య మోడల్‌లో వాటికి తోడు వెనక కెమెరా, ముందు ఏదైనా అడ్డొస్తే తనంతట తనే వేసుకునే బ్రేకు, పక్క నుంచీ వెనక నుంచీ వచ్చే బళ్లని పసిగట్టే రాడార్లు. టాప్ మోడల్‌లో ఇవన్నీ ఉన్నా దాని సంగతి వేరు. అది లేన్ మధ్యలో తనే నడుస్తుంది, ముందు బండికి ఎంత దూరంలో ఉండాలో తనే చూసుకుంటుంది, తనే పార్కింగ్ చేసుకుంటుంది, చుట్టూ నాలుగు కెమెరాలు, నెత్తి మీద గాజు కప్పు. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఇంకొకటి ఉంది: నిద్రమత్తు హెచ్చరిక. నర్సు వేలు ప్రతిసారీ అక్కడికే వచ్చి ఆగేది.

ఎందుకు ఆగేదో ఇంట్లో ఎవరికీ తెలీదు. కిందటి నెల ఒక పొద్దున, స్కూటర్ మీద ఇంటికి పోతూ పోతూ ఆవిడ నిద్రపోయింది. కూర్చున్నచోటే, చేతులు హ్యాండిల్ మీదే. డివైడర్ రాయికి చక్రం రాసుకుంటే మెలకువ వచ్చింది. పక్కనుంచి లారీ పోతోంది. పైప్రాణాలు పైనే పోయాయి. ఇంటికొచ్చి, అద్దం విరిగిందేమని అడిగితే, ఆస్పత్రి పార్కింగ్‌లో ఎవడో తగిలించి పోయాడని చెప్పింది. నిజం చెప్తే మొగుడి నోట వచ్చే మొదటి మాట ఆవిడకి తెలుసు: ఉద్యోగం మానెయ్. మానడానికి ఆవిడకి మనసొప్పదు, ఇల్లూ గడవదు. పగటి డ్యూటీ అడిగితే, ముందు సీనియర్లకి, మిగిలితే చూద్దాం అని పెద్ద నర్సు ఎప్పుడో చెప్పేసింది. ఇక మిగిలింది కారు. అందులోనూ మనిషి నిద్రపోతే కనిపెట్టే కారు. రాత్రంతా మానిటర్ల మధ్య బతికే మనిషికి మానిటర్ మీద నమ్మకం ఉండకుండా ఎలా ఉంటుంది?

"పడుకున్నావా, చదువుతున్నావా?"

కళ్లు తెరిస్తే ఎదురుగా వదిన. మొగుడికి అక్క, డ్రైవింగ్ స్కూల్లో టీచరు. నర్సుకి కారు నడపడం నేర్పింది ఆవిడే. నోరు పెద్దది, మనసు దానికన్నా కాస్త పెద్దది. పొద్దున్నే ఇద్దరు శిష్యులకి క్లచ్ నేర్పి వచ్చింది, ఒళ్లు హూనమై ఉంది. ఆవిడ స్కూలు కార్లో పక్క సీటువాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తడబడితే పక్కనున్న టీచరు తొక్కడానికి. ఏళ్ల తరబడి ఆ బ్రేకు తొక్కీ తొక్కీ వదిన కుడి మోకాలు అరిగిపోయింది.

"చదువుతున్నాను వదినా."

"చదివి చదివి దాన్ని బట్టీ పట్టేశావు. నా మాట విని బేస్ కొనుక్కో. మిగతావన్నీ కుయ్ కుయ్ మనే బొమ్మలు. డ్రైవరుకి రెండు కళ్లు, మూడు అద్దాలు, ఒక బుర్ర. నేను నీకు నేర్పినప్పుడు ఏ రాడార్ ఉందే?"

"మీరున్నారు కదా పక్కన."

వదిన షోరూమ్ వైపు తిరిగింది. తలుపు తీశారు, లోపలికి పద అంది.

లోపల వాళ్లకి ఎదురొచ్చిన సేల్స్ మనిషి కుర్రాడు కాదు. కళ్లజోడుకి తాడు కట్టుకుని, అదే నవ్వు రోజూ తొడుక్కుని తొడుక్కుని వెలిసిపోయిన మనిషి. కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించాడు, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఆపకుండా మూడు మోడళ్లూ ఏకరువు పెట్టాడు. పూర్తయ్యేసరికి వదిన ఆయనకి పేరు కూడా పెట్టేసింది.

"కేటలాగు గారూ, మేమూ చదువుకున్నవాళ్లమే. చదివిందే మళ్లీ చెప్తే ఎట్లా? వీటిలో నిజంగా పనికొచ్చేదేదో చెప్పండి."

ఆయన నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. "ఎవరు నడుపుతారు, ఎక్కడ నడుపుతారు, అది చెప్తే నేను చెప్తాను మేడమ్."

"నేనే," అంది నర్సు. "ఊళ్లో కాస్త, బైపాస్ మీద కాస్త. ఆస్పత్రికి, ఇంటికి. నాకు టాప్ మోడల్ చూపించండి."

వదిన పెదవి విరిచింది. "ఆ తేడాకి కిస్తీ కట్టాలంటే నెలకి ఇంకో నాలుగు నైట్లు ఎక్కువ చెయ్యాలి. తెలుస్తోందా?"

తెలుస్తోంది. ఆ లెక్క నర్సు చేసుకోలేదా? నైట్ డ్యూటీల నిద్ర నుంచి కాపాడే కారు కోసం ఇంకొన్ని నైట్ డ్యూటీలు. అది తలుచుకుంటే ఆవిడకే నవ్వొచ్చేది, నవ్వే ఓపిక ఉంటే.

ముందు మధ్య మోడల్ చూపిస్తాను, తర్వాత టాప్, రెండూ నడిపి చూడండి, అన్నాడు కేటలాగు గారు. టెస్ట్ డ్రైవ్ కార్లు వెనక సందులో ఉన్నాయి. అటూ ఇటూ పెద్ద వ్యాన్లు, మధ్యలో ఇరుక్కుని మధ్య మోడల్. దాన్ని వెనక్కి తీసే పని వదిన తనే తీసుకుంది; నర్సు పక్కన, ఆయన వెనక కూర్చున్నారు. ఇరుకులోంచి కారు తీయడమంటే ఆవిడకి మంచినీళ్లు తాగినంత సులువు, అది నలుగురికీ చూపించడం ఇంకా ఇష్టం.

"చూడు, కెమెరా చూడను. అద్దాలు, మెడ, అంతే," అంటూ మెడ తిప్పి, రెండు వైపులా చూసి, కారు మెల్లగా వెనక్కి వదిలింది.

కారు ఒక్కసారి గట్టిగా మోగింది. స్క్రీన్ మీద ఓ పక్క ఎర్రటి బాణం వెలిగింది. వదిన కాలు బ్రేకు మీద పడింది. పడిన మరుక్షణం వ్యాన్ చాటునుంచి స్కూటర్ ఒకటి రయ్యిన వెనకనుంచి దూసుకుపోయింది. స్కూటర్ మీద ఒకావిడ, ఆవిడ ముందు నిలబడిన చిన్న పిల్ల. ఇద్దరూ ఇటు చూడనైనా చూడలేదు.

వదిన కారు ఆపేసి, స్కూటర్ పోయిన వైపే చూసింది.

"ఇదెట్లా చూసింది?" అంది చివరికి. గొంతులో వెటకారం లేదు.

"వెనక బంపరు రెండు మూలల్లో రాడార్లున్నాయి మేడమ్," అన్నాడు వెనక సీటు నుంచి ఆయన. "మీ కళ్లు కారు మధ్యలో ఉంటాయి. వ్యాన్ దాటి చూడాలంటే కారు సగం బయటికి రావాలి. రాడార్లు కారు చివర ఉంటాయి కాబట్టి మీకన్నా ముందు వాటికి కనిపిస్తుంది. లేన్ మారేటప్పుడు అద్దంలో కనపడని బండి ఉంటే అద్దంలో లైటు వెలిగేది కూడా ఈ రాడార్ల వల్లే."

"నేను రెండు వైపులా చూశాను."

"చూశారు మేడమ్. అక్కణ్నుంచి కనపడే వీల్లేదు."

ఇన్నేళ్ల సర్వీసులో వదినని ఎవరూ ఇంత మర్యాదగా ఓడించి ఉండరు. ఆవిడ మొహం చిన్నబోయింది. నర్సుకి జాలేసింది కానీ, ఆ జాలి చూపించే ఓపిక కూడా లేకపోయింది. ఆ వీధిలో ఒక చుట్టు తిరిగొచ్చారు. ఆ తనంతట తనే పడే బ్రేకు ఏదీ, చూపించండి, అని వదిన అడిగింది.

"అది చూపించమంటే చూపించలేనండీ. దాని అవసరం పడకూడదనుకుంటూనే ఎవరైనా కొనేది. ముందు బండి గానీ మనిషి గానీ అడ్డొస్తే మొదట మోగుతుంది. మీరు తొక్కకపోతే అది తొక్కుతుంది. ఊరి వేగంలో చాలాసార్లు ఆపేస్తుంది. ఎక్కువ వేగంలో పూర్తిగా ఆపలేకపోయినా దెబ్బ తగ్గిస్తుంది. వాన జోరుగా పడితే, ఎండ కెమెరా మీద సూటిగా పడితే పొరపడొచ్చు కూడా. అన్నిసార్లూ ఆపుతుందని రాసిమ్మంటే నేను రాసివ్వను."

"కేటలాగులో ఇది లేదే," అంది వదిన.

"కేటలాగు రాసింది నేను కాదు కదండీ."

తర్వాత టాప్ మోడల్. ఇది నర్సే నడిపింది. పక్క సీట్లో వదిన, వెనక ఆయన. సందులు దాటి బైపాస్ ఎక్కేదాకా బాగానే ఉంది. సీటు మెత్తగా, చల్లగా ఉంది, బయటి హోరు లోపలికి రావడం లేదు. స్టీరింగ్ మీదున్న ఒక బటన్ నొక్కమన్నాడు ఆయన. నొక్కింది. తెరమీద పచ్చటి స్టీరింగ్ బొమ్మ వెలిగింది.

"ఇప్పుడు ముందు బండితో దూరం అదే చూసుకుంటుంది. గీతల మధ్యలో అదే ఉంచుతుంది. చేతులు మాత్రం తీయకండి, చూపు రోడ్డు మీదే ఉండాలి. ఇది సాయమే గానీ డ్రైవరు కాదు మేడమ్."

"చేతులూ మనవే, కళ్లూ మనవే అయితే ఇంక అది చేసేదేంటండీ?" అని వదిన.

"అలసట తగ్గిస్తుంది."

అలసట తగ్గిస్తుంది. ఆ రెండు మాటలు నర్సు చెవిలో ఇల్లు కట్టుకున్నాయి. అరచేతుల కింద స్టీరింగ్ తనంతట తనే కాస్త అటు, కాస్త ఇటు కదులుతోంది. పాదం కింద ఏ పనీ లేదు. ఎన్నాళ్లయిందో తన పని ఇంకెవరో చేసిపెట్టి. ఇంట్లో కాఫీ కూడా తనే పెట్టుకుని తనే తాగుతుంది. ఈ కారెవరో, తనకేమీ కాదు, అయినా తనని మోసుకుపోతోంది. ఆ తలపు ఆవిడకి ఎంత హాయిగా తోచిందంటే, కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు బరువెక్కి స్టీరింగ్ మీదే వాలిపోయాయి. ఆ బరువు చాలు, చేతులు ఉన్నాయనే కారు అనుకుంటుంది. వదిన కిటికీలోంచి ఎవరో తప్పుడు లేన్‌లో పోతుంటే వాణ్ని తిడుతోంది. ఆ తిట్లు దూరమవుతూ వచ్చాయి.

ఎక్కడో టింగ్‌మంది. ఏ మంచం దగ్గరో. కిటికీ పక్క ముసలాయనదై ఉంటుంది, ఆయన వేలి క్లిప్పు ఎప్పుడూ ఊడిపోతూ ఉంటుంది. నర్సు చెయ్యి చాచకుండానే బొటనవేలితో నొక్కింది. మోత ఆగింది.

తర్వాత ధన్‌మని చప్పుడు.

ఆ చప్పుడు వదిన కాలిది. ఉన్న బలమంతా పెట్టి నేలని తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. కాళ్ల కింద పరిచే ఉత్త చాప ఉంది. మళ్లీ తొక్కింది. అప్పుడు గానీ చేత్తో స్టీరింగ్ పట్టుకుని లాగాలని తోచలేదు. నర్సు కళ్లు తెరిచేసరికి అద్దం నిండా సిమెంటు దిమ్మెలు, పక్కకి పరుగెడుతున్నాయి. కొత్తగా తారు పోసినచోట రోడ్డు మీద గీతల్లేవు. పచ్చగా ఉన్న స్టీరింగ్ బొమ్మ బూడిదరంగులోకి మారిపోయి ఉంది. వదిన లాగుడుకి కారు దిమ్మెలకి మూరెడు దూరంలో మళ్లీ దారిలోకి వచ్చింది. నర్సు బ్రేకు తొక్కి పక్కకి తీసి ఆపింది.

పక్కనుంచి బళ్లు పోతూనే ఉన్నాయి. వదిన కుడికాలు ఇంకా ఆ చాపని అదిమే ఉంది.

"నాకు బ్రేకు లేదే," అంది వదిన. "ఈ కార్లో నాకు బ్రేకు లేదు. మర్చిపోయాను."

"గీతలు పోతే అది వదిలేస్తుందండీ," అన్నాడు వెనకాయన. "వదిలేస్తున్నానని చిన్నగా మోగుతుంది. ఆ తనే పడే బ్రేకు ముందున్న బండినీ మనిషినీ చూస్తుంది గానీ, పక్కనుంచి దగ్గరయ్యే దిమ్మెల్ని చూడదు."

నర్సు రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. కాసేపటికి తలెత్తి, "మరి నిద్ర వస్తే మోగుతుందన్నారు కదా," అంది. నిష్ఠూరంగా అడగలేదు. పాప అడిగినట్టు అడిగింది.

ఆయన ఇబ్బందిగా కళ్లజోడు తీశాడు. "మోగింది మేడమ్. స్టీరింగ్ వెనక చిన్న కెమెరా ఉంది, కళ్లు మూతపడుతుంటే చూస్తుంది. కాఫీ కప్పు బొమ్మ వచ్చింది. టింగ్‌మంది. నేను మీకు చెప్పబోయేలోపు మీరే స్టీరింగ్ మీది ఓకే నొక్కేశారు. మెలకువగా ఉన్నారనుకున్నాను."

"నేను నొక్కలేదండీ."

"నొక్కారు. మీ బొటనవేలితో."

నర్సు తన బొటనవేలు వైపు చూసుకుంది. అప్పుడు తెలిసింది ఆవిడకి. కిటికీ పక్క ముసలాయన. వార్డులో రాత్రంతా ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. క్లిప్పు ఊడితే మోగుతుంది, సెలైన్ అయిపోవస్తే మోగుతుంది, రోగి పక్కకి తిరిగితే మోగుతుంది. చూడకుండానే నొక్కడం చేతికి అలవాటైపోయింది. నిజంగా అవసరమైన మోత వేరుగా ఉంటుంది, దానికి ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. డ్యూటీ డాక్టరో, తనో. మంచం మీద ఉన్న మనిషి లేవక్కర్లేదు.

"వార్డులో మోగితే నేను వెళ్తాను వదినా," అంది. "ఇక్కడ మోగితే ఎవరొస్తారు? నేనే లేవాలి. లేవగలిగితే నిద్రెందుకు పోతాను?"

వదిన అటు తిరిగి ఆవిడ మొహంలోకి చూసింది. టీచరు చూపు కాదు అది.

"ఇదే మొదటిసారా?"

"కాదు."

"స్కూటర్ అద్దం?"

"ఊఁ."

నోరు పెద్దదని పేరున్న మనిషి ఒక్క మాట అనకుండా దిగి, కారు ముందునుంచి చుట్టూ తిరిగొచ్చి, ఇటు తలుపు తీసి, "జరుగు," అంది. తిరుగుదారిలో ఆ సాయాలన్నీ ఆపేసి తనే నడిపింది. నర్సు పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న ఆ చాప వైపే చూస్తూ వచ్చింది. చాప మీద వదిన మడమ గుర్తు పడింది.

షోరూమ్‌లో మళ్లీ అదే బల్ల. నీళ్ల గ్లాసులు అలాగే ఉన్నాయి. కేటలాగు గారు కేటలాగు తెరవలేదు.

"టాప్ అమ్మితే నాకు మంచిదే," అన్నాడు. "నెలాఖరు కూడాను. కానీ మీకు అమ్మను మేడమ్. మెలకువగా ఉండి దూరాలు తిరిగేవాళ్లకి ఆ లేన్ సాయం సుఖంగా ఉంటుంది. పార్కింగ్ తనే చేసుకోవడం, చుట్టూ కెమెరాలు, అవీ సుఖమే. వెనక కెమెరా మధ్య మోడల్‌లోనూ ఉంది, అదే చాలు. గాజు కప్పు ఉత్త షోకు. నిద్రమత్తు హెచ్చరిక మీకు ఇంటికెళ్లి పడుకోమని చెప్పగలదు, అంతే. ఆ మాట చెప్పడానికి అంత డబ్బు ఎందుకు?"

"బేస్‌లో ఆ తనే పడే బ్రేకు లేదు కదూ?" అని వదిన అడిగింది.

"లేదండీ. విడిగా తర్వాత పెట్టించుకోవడానికి కూడా ఉండదు. కంపెనీ నుంచే రావాలి. వెనక మూలల రాడార్లూ అంతే."

వదిన మోకాలు రుద్దుకుంటూ కాసేపు కూర్చుంది. పొద్దున మెట్ల మీద తను అన్న మాటలు గుర్తొచ్చాయేమో, నర్సు వైపు చూడకుండా బల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"బేస్ కొనమన్నాను కదా, తప్పే. నీకు నేర్పినన్నాళ్లూ నా కాలు ఆ బ్రేకు మీదే ఉంది. నువ్వు చూడలేదు గానీ, ఎన్నిసార్లు తొక్కానో. నేర్చుకునేవాళ్లకే కాదు, అలిసిపోయినవాళ్లకీ పక్కన ఒక కాలు ఉండాలి. నా కాలు రోజూ నీతో రావడం కుదరదు. ఆ తనే పడే బ్రేకు ఉన్న కారు కొను. మధ్యది."

"అది ఉంటే నిద్రపోయినా ఫర్వాలేదా వదినా?"

"పిచ్చిదానా, ఇందాక చూశావు కదా. నేనున్నాను పక్కన, కారెడు కెమెరాలున్నాయి, అయినా చచ్చేవాళ్లం. నిద్రకి మందు కార్లో లేదు. ఆస్పత్రిలో మీరు మాత్రం ఏం చెప్తారు, నిద్రొస్తే ఏం చెయ్యమని?"

"పడుకోమని."

"మరి డ్యూటీ దిగాక కాసేపు పడుకుని బయల్దేరొచ్చు కదా. అరగంట. నర్సులకి ఓ మంచం దొరకదా ఆ ఆస్పత్రిలో?"

కేటలాగు గారు బల్ల మీది పెన్ను అటు నుంచి ఇటు జరిపాడు. నర్సు ఆ పెన్ను వైపు చూస్తూ చెప్పింది.

"పాప బడి ఉంది కదా. నేను వెళ్లి దింపాలి. నేను రాగానే ఆయన ఆఫీసుకి బయల్దేరతారు. నేను ఆలస్యమైతే ఆయన ఆలస్యం, పాప ఆలస్యం. బయల్దేరావా, బయల్దేరావా అని ఫోను. ఆ అరగంట ఎవర్ని అడగను వదినా?"

ఇంట్లో అడగలేక కారు కంపెనీని అడగడానికి వచ్చింది. ఆ మాట ఆవిడ అనలేదు, అనక్కర్లేకపోయింది. ఎదురుగా కూర్చున్న ఇద్దరికీ తెలిసిపోయింది. వదిన కళ్లు ఎర్రబడ్డాయి. తమ్ముడి మీద కోపమో, ఇన్నాళ్లూ కనిపెట్టలేని తన మీద కోపమో.

మధ్య మోడల్‌కి బుకింగ్ రాశారు. రంగు ఏదని అడిగితే ఏదైనా ఫర్వాలేదంది నర్సు. సీటు కవర్లు, చాపలు, సువాసన డబ్బాలు అంటూ ఆయన అలవాటు కొద్దీ మొదలుపెట్టి తనే ఆపేశాడు. అప్పుడు నర్సు ఒకటి అడిగింది.

"ముందు సీటు ఎంతవరకు వెనక్కి వాలుతుందండీ?"

కొత్తగా కొనేవాళ్లు ఇంజిన్ అడుగుతారు, మైలేజీ అడుగుతారు. ఇది అడిగినవాళ్లు ఆయనకి గుర్తులేరు. లేచి, హాలు మధ్యలో నిలబెట్టిన మధ్య మోడల్ తలుపు తీసి, పక్కనున్న పిడి ఎత్తి సీటు వెనక్కి వాల్చి చూపించాడు. దాదాపు పడుకోబెట్టినట్టే వాలింది. కూర్చుని చూడండి మేడమ్, అన్నాడు. నర్సు చెప్పులు బయట విడిచి ఎక్కి, తల వాల్చింది. కాళ్లు చాపడానికి చోటు సరిపోయింది. చూసి లేద్దామనే అనుకుంది. మూడో ఊపిరికి నిద్రపట్టింది.

సంచిలో ఫోను మోగింది. నర్సు బొటనవేలు కాస్త కదిలి ఊరుకుంది. వదిన సంచి తీసుకుని పక్కకి వెళ్లి ఫోనెత్తింది.

"బయల్దేరావా?" అన్నాడు తమ్ముడు.

"బయల్దేరలేదు. నేనురా, అక్కని."

"అక్కా, ఇంకా ఎంతసేపు? పాప అడుగుతోంది. ఏమైంది, నచ్చలేదా కారు?"

"నచ్చింది. పడుకుంది."

"ఎవరు?"

"నీ పెళ్లాం. కార్లో పడుకుంది. లేపను. ఇదిగో విను. స్కూటర్ అద్దం విరిగింది పార్కింగ్‌లో కాదు. డివైడర్‌కి కొట్టుకుంది, నిద్రలో. ఇందాక నా కళ్లముందే మళ్లీ పోవాల్సింది, నేను పక్కనున్నాను కాబట్టి సరిపోయింది." కారు వైపు ఓసారి చూసింది. "రేపట్నుంచి డ్యూటీ దిగాక అరగంట పడుకుని వస్తుంది. పాపని నువ్వు దింపు. ఆఫీసుకి ఆలస్యమైతే అవనీ, తిడితే పడు. అది చెయ్యలేకపోతే చెప్పు, నా శిష్యుల్ని మాన్పించి నేనొస్తాను."

అటువైపు పాపని అవతలికి పొమ్మన్నాడు తమ్ముడు. తర్వాత, "నాతో ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాడు, మెల్లగా.

"చెప్తే మానెయ్యమంటావని. ఏరా, అనవా?"

అంటాననీ అన్లేదు, అనననీ అన్లేదు. పాపని బడికి ఎన్నింటికి దింపాలో అడిగాడు. ఇన్నేళ్లలో అతనికి అది తెలీదు.

వదిన ఫోను పెట్టేసి వచ్చేసరికి, తెరిచి ఉంచిన తలుపుకి కారు టింగ్ టింగ్‌మంటోంది. కేటలాగు గారు వచ్చి, చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరికి లాగి, మెత్తగా నొక్కి మూశాడు. కిటికీ అద్దం గాలి ఆడేంత కిందికే ఉంది. మోత ఆగిపోయింది. లోపల నర్సు నోరు కాస్త తెరుచుకుని, చేతులు పొట్టమీద వదిలేసి నిద్రపోతోంది.

కొత్తగా వచ్చిన మొగుడూ పెళ్లాలు ఆ కారు చూస్తామని అటు నడిచారు. ఆయన ఎదురెళ్లి, గొంతు తగ్గించి, "ముందు అటు పక్కవి చూద్దాం రండి. ఇందులో ఒకావిడ పడుకున్నారు," అన్నాడు.